అప్‌డేట్: టీవీ వెనక తెల్ల స్ట్రిప్పే పెట్టాను

నేను అడిగింది: "55 అంగుళాల టీవీ వెనక మామూలు తెల్ల ఎల్‌ఈడీ స్ట్రిప్ చాలా, బొమ్మను బట్టి రంగు మారేది కొనాలా?"

సినిమాలకు తెల్లదే సరి. తెలుపు ఛాయ 6500 కెల్విన్, రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే సీఆర్‌ఐ 90 దాటినది తీసుకోండి. సినిమా మోడ్‌లో టీవీ తెలుపూ దాదాపు అదే ఛాయ కాబట్టి తెర రంగులు మారినట్టు అనిపించవు. రంగులు మారే స్ట్రిప్‌తో చిక్కు ఇక్కడే: గోడ నీలంగా వెలిగితే తెర మీద ముఖాలు పసుపు తిరిగినట్టు కనిపిస్తాయి. పైగా బొమ్మ రంగును హెచ్‌డీఎంఐ బాక్సుతో పసిగట్టే రకం టీవీలోని యాప్‌లకు పనిచేయదు, ఆ సిగ్నల్ బాక్సు గుండా పోదు కదా. తెరను కెమెరాతో చూసి రంగు మార్చే రకం పనిచేస్తుంది గానీ రంగు కాస్త వెనకబడుతుంది. గేమ్‌లకైతే సరదాగానే ఉంటుంది.

పైనా, రెండు పక్కలా, అంచుకు 5 సెంటీమీటర్లు లోపలగా అంటించడానికి రెండున్నర మీటర్లు చాలు. తెరంతా తెల్లగా పెట్టి చూస్తే గోడ వెలుగు అందులో పదోవంతు ఉండాలి. ఎక్కువైతే కళ్లు గోడ మీదికే పోతాయి. యూఎస్‌బీ పోర్టులో పెట్టినప్పుడు వెలుగు పెంచగానే మిణుకుమంటే కరెంటు చాలట్లేదని అర్థం. చాలా పోర్టులు అర ఆంపియరే ఇస్తాయి. అప్పుడు 5 వోల్టుల, 2 ఆంపియర్ల అడాప్టర్ విడిగా పెట్టాలి, టీవీతో పాటు ఆరదు మరి. గోడకు రంగు ఉంటే, లేతదైనా, అది వెలుగులోనూ కలుస్తుంది, తెలుపో బూడిదో మేలు.