కరెంటు–జనరేటర్ మార్పిడి బోర్డులో ఇంటర్‌లాక్: 22వీ10 పెట్టాలా, చిన్న మైక్రోకంట్రోలర్ పెట్టాలా?

ఉండి వర్క్‌షాప్ (అడిగినవారు)

రొయ్యల చెరువుల ఏరేటర్లకు కరెంటు పోతే జనరేటర్‌కు, వస్తే తిరిగి లైనుకు మార్చే ప్యానెల్ తయారు చేస్తున్నాను. ప్రధాన మైక్రోకంట్రోలర్ 3.3 వోల్టులది; రైతుకు మెసేజ్ పంపే జీఎస్ఎం మాడ్యూల్ కూడా అదే బోర్డు మీద ఉంది. రెండు కాంటాక్టర్లు ఏకకాలంలో పడకుండా చూసే చిన్న లాజిక్‌ను వేరే చిప్‌లో పెట్టదలిచాను: ఐదు ఇన్‌పుట్లు, రెండు అవుట్‌పుట్లు, మార్పిడి మధ్య మూడు సెకన్ల విరామం. కాంటాక్టర్ల మధ్య మెకానికల్ ఇంటర్‌లాక్ ఎలాగూ ఉంటుంది. దీనికి ఏటీఎఫ్22వీ10సి అనే ప్రోగ్రామబుల్ లాజిక్ చిప్ మేలా, ఎనిమిది కాళ్ల మైక్రోకంట్రోలర్ మేలా?

తణుకు మిల్లు ఎలక్ట్రీషియన్

ఇంత చిన్న పనికి ప్రోగ్రామబుల్ లాజిక్ దండగ అని నా అభిప్రాయం. మా రైస్ మిల్లులో ఉన్నదాని ఇన్‌పుట్ కార్డు ఒక్కటి పోతేనే నెల జీతమంత ఖర్చయింది. ప్రతి చెరువు గట్టుకూ ఒకటి పెడితే రైతు ఎక్కడ భరిస్తాడు? ఒకటి మాత్రం చెబుతాను. అంత ఖరీదైన దానిలో లాడర్ ఎంత బాగా రాసినా, మేము ఒక కాంటాక్టర్ కాయిల్ వైరును రెండో కాంటాక్టర్ పడనప్పుడు మాత్రమే మూసి ఉండే దాని ఎన్‌సీ కాంటాక్టు గుండా తీసుకోకుండా వదలము.

గౌతమి గట్టు

మిల్లు వారు చెబుతున్నది మిల్లు యంత్రాలను నడిపే పీఎల్‌సీ అనే కంట్రోలర్ గురించి. ఇక్కడ ప్రస్తావన ఇరవై నాలుగు కాళ్ల చిన్న ఐసీది, దానికీ పీఎల్‌సీకీ పేరులో తప్ప పోలిక లేదు. అయినా ఆయన చివరి వాక్యం ఈ బోర్డుకూ అక్షరాలా వర్తిస్తుంది. జనరేటర్ కరెంటు లైనులోకి ఎదురెక్కితే స్తంభం మీద పని చేస్తున్న లైన్‌మన్ ప్రాణానికి ముప్పు కనుక, మెకానికల్ ఇంటర్‌లాక్, ఎన్‌సీ కాంటాక్టు వైరింగ్ రెండూ ఉండాలి. మన చిప్ వాటి మీద మూడో పొర మాత్రమే.

ఇక అసలు విషయం. ఈ పనిలో వేగం ప్రశ్నే కాదు. కాంటాక్టర్ పడడానికే పది ఇరవై మిల్లీసెకన్లు పడుతుంది, 22వీ10 నానోసెకన్లలో, మైక్రోకంట్రోలర్ మైక్రోసెకన్లలో స్పందించినా రిలేకు తేడా తెలియదు. చూడవలసింది ప్రోగ్రాము నడవని క్షణాల్లో అవుట్‌పుట్ ఏం చేస్తుందన్నది. 2జీ జీఎస్ఎం మాడ్యూల్ మెసేజ్ పంపేటప్పుడు రెండు ఆంపియర్ల దాకా కరెంటును ముక్కలు ముక్కలుగా లాగుతుంది. సప్లై బలహీనంగా ఉంటే మైక్రోకంట్రోలర్ రీసెట్ అయ్యేది సరిగ్గా అప్పుడే, అంటే కరెంటు పోయిందని రైతుకు చెబుతున్న సమయంలోనే, మార్పిడి మధ్యలో.

అందుకే పనిని రెండుగా విడదీయమంటాను. మూడు సెకన్ల విరామం ప్రధాన మైక్రోకంట్రోలర్ చూసుకోవాలి. రెండూ కలిసి పడకూడదన్న నియమం మాత్రం గడియారమూ ప్రోగ్రామూ లేని గేట్లలో ఉండాలి. 22వీ10కి రాస్తే ఇంతే:

```
LINE_OUT = LINE_REQ & !GEN_REQ & !GEN_AUX & !TRIP;
GEN_OUT  = GEN_REQ & !LINE_REQ & !LINE_AUX & !TRIP;
```

`LINE_REQ`, `GEN_REQ` ప్రధాన చిప్ అడిగేవి, `TRIP` రెండింటినీ ఆపే సంకేతం. `GEN_AUX`, `LINE_AUX` అన్నవి కాంటాక్టర్ల సహాయక కాంటాక్టుల నుంచి వచ్చే సమాచారం. వీటికి ఎన్‌ఓ కాకుండా, ప్రధాన కాంటాక్టులు అతుక్కుపోతే తానూ మూసుకోని రకం ఎన్‌సీ కాంటాక్టు వాడి, దాన్ని గ్రౌండ్‌కు కలిపి ఇన్‌పుట్‌కు పుల్‌అప్ ఇవ్వండి. కాంటాక్టర్ విడిచి ఉన్నప్పుడు 0 వస్తుంది, పడినప్పుడు 1 వస్తుంది, వైరు తెగినా 1 వస్తుంది. తెగిన వైరును చిప్ ‘అవతలిది ఇంకా పడి ఉంది’ అనుకుని అడ్డుకుంటుంది. మన గట్ల మీద ఉప్పు గాలికి తెగని వైరు ఎక్కడుంది?

కాకినాడ ఈసీఈ

విరామం కూడా 22వీ10లోనే ఎందుకు పెట్టకూడదో నాకు అర్థం కాలేదు, అందులో పది ఫ్లిప్‌ఫ్లాపులు ఉన్నాయి కదా. పైగా ఇప్పటి చిన్న ఏవీఆర్ మైక్రోకంట్రోలర్లలో సీసీఎల్ అనే గేట్ల బ్లాకు, పిక్‌లలో సీఎల్‌సీ ఉన్నాయి. అవి సీపీయూతో సంబంధం లేకుండా పని చేసే నిజమైన హార్డ్‌వేర్. ప్రోగ్రాము ఆగిపోయినా గేటు ఆగదు కాబట్టి, రీసెట్ సమస్య అన్నది వాటికి ఉండదు. ఒక్క చవక చిప్‌లో రెండూ దొరుకుతుంటే పాతకాలపు 22వీ10 ఎందుకు?

గౌతమి గట్టు

ముందు లెక్క చూద్దాం. యాభై హెర్ట్జ్ గడియారంతో మూడు సెకన్లంటే 150 లెక్క, దానికి ఎనిమిది ఫ్లిప్‌ఫ్లాపులు కావాలి. రెండు అవుట్‌పుట్లతో కలిపి పదికి పది నిండిపోతాయి. రేపు రైతు ‘నాలుగు సెకన్లు ఉంటే బాగుండు’ అంటే 200 లెక్క వరకు సర్దుకుంటుంది కానీ, ఒక ఎల్‌ఈడీ అదనంగా కావాలంటే చోటు లేదు. అంతకన్నా పెద్ద చిక్కు, ఆ యాభై హెర్ట్జ్ ఎక్కడి నుంచి వస్తుంది? లైను నుంచి తీసుకుంటే, కరెంటు పోయిన క్షణానే లెక్కించేవాడు ఆగిపోతాడు. వేరే ఆసిలేటర్ పెట్టాలి, అంటే ఇంకో విడిభాగం.

సీసీఎల్ గురించి మీరు చెప్పింది సగం నిజం. ప్రోగ్రాము ఎక్కడో చిక్కుకుపోతే ఆ గేటు నిజంగానే పని చేస్తూనే ఉంటుంది. కానీ ఆ గేటును అమర్చేది ప్రోగ్రామే. రీసెట్ అయిన వెంటనే పిన్లన్నీ ఎటూ కాకుండా తేలిపోతాయి, రిజిస్టర్లు మళ్లీ రాసేదాకా అక్కడ గేటు అన్నదే ఉండదు. అవుట్‌పుట్‌కు పుల్‌డౌన్ రెసిస్టర్ పెడితే ఆ వ్యవధిలో రిలే విడిచి ఉంటుంది, అది చాలుననుకుంటే మీ మార్గం తప్పు కాదు.

నిజానికి నేనైతే పై రెండు సమీకరణాలకు 22వీ10 కూడా వాడను. ఒక 74హెచ్‌సీటీ04, ఒక 74హెచ్‌సీటీ21 చాలు. తలకిందులు చేయవలసిన సంకేతాలు ఐదు, 04లో ఇన్వర్టర్లు ఆరు; నాలుగు ఇన్‌పుట్ల గేట్లు కావలసింది రెండు, 21లో ఉన్నవీ రెండే. మిగిలిన ఇన్వర్టర్ ఇన్‌పుట్‌ను గ్రౌండ్ చేయండి. హెచ్‌సీ రకం మాత్రం తీసుకోకండి. 5 వోల్టుల మీద నడిచే హెచ్‌సీకి ‘1’ అనిపించాలంటే మూడున్నర వోల్టులు కావాలి, మీ ప్రధాన చిప్ ఇచ్చేది 3.3. బల్ల మీద పని చేసినట్టే ఉంటుంది, ఎండలో బాక్సు వేడెక్కాక మొరాయిస్తుంది. హెచ్‌సీటీకీ, 22వీ10కీ 2 వోల్టులు చాలు.

ఉండి వర్క్‌షాప్

రెండు చిప్‌ల ఆలోచన నచ్చింది. అయితే వచ్చే ఏడాది రెండో జనరేటర్ కలపాలని కొందరు అడుగుతున్నారు. అప్పుడు 22వీ10 అయితే ఫైలు మారిస్తే సరిపోతుంది, గేట్లయితే బోర్డే మార్చాలి. ఇబ్బందల్లా దానిని బోర్డు మీద ఉండగా రాయలేకపోవడం. సాకెట్ పెడితే ఏడాదికే కాళ్లకు చిలుము పడుతోంది, పాత ప్యానెల్‌లో నేను స్వయంగా చూశాను. నేరుగా సోల్డర్ చేస్తే ముందే రాసి పెట్టుకోవాలి, ఏ ముక్కలో ఏ వెర్షన్ ఉందో చుక్క రంగుతో గుర్తు పెట్టుకోవాలి.

కాకినాడ ఈసీఈ

నేనన్నదీ అదే. చిన్న ఏవీఆర్‌ను ఒకే తీగ మీద, అన్నీ సోల్డర్ చేసి పూత పూసే ముందు రాసేయవచ్చు. గ్రీన్‌ప్యాక్ అనే మరో రకమూ ఉంది. అందులో గేట్లతో పాటు ఆసిలేటర్, ఆలస్యం ఇచ్చే కౌంటర్లు లోపలే ఉంటాయి. చాలావాటిని ఒక్కసారే రాయగలం, ప్యాకేజీ రెండు మిల్లీమీటర్లది. చేత్తో అతికించే వారికి కష్టం. మళ్లీ రాయగలిగేవీ, కాళ్లున్నవీ కొన్ని ఉన్నాయి.

ఆకివీడు రైతు

నాకు చిప్‌లు తెలియవు, మా అబ్బాయి చూపిస్తే చదివాను. అందరూ ‘రిలే విడిచి ఉంటే సురక్షితం’ అంటున్నారు. ఎవరికి సురక్షితం? తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అట్టడుగున ఉంటుంది. ఆ వేళ ఏరేటర్లు ఆగితే రొయ్య పైకి తేలుతుంది. కిందటి పంటలో నా ప్యానెల్ ఒక రాత్రి ఐదారుసార్లు టకటకమని విడిచి పడింది. జనరేటర్ నడుస్తూనే ఉంది, మోటార్లు మాత్రం ఆగుతూ తిరుగుతూ ఉన్నాయి. చేసిన వారిని అడిగితే ‘సేఫ్టీ’ అన్నారు.

గౌతమి గట్టు

రైతు గారు అడిగింది ఈ చర్చలో అందరికన్నా పదునైన ప్రశ్న. ఆ టకటక చాలావరకు రీసెట్ పునరావృతమే అయి ఉంటుంది: మెసేజ్ పంపబోతే వోల్టేజీ పడుతుంది, చిప్ మళ్లీ మొదలవుతుంది, మళ్లీ మెసేజ్ పంపబోతుంది. దానికి మందు జీఎస్ఎంకు వేరే సప్లై, దాని పక్కనే పెద్ద కెపాసిటర్. లాజిక్ చిప్ మార్చినంత మాత్రాన అది తగ్గదు.

ఇక్కడే 22వీ10సి చేసే ఒక తమాషా కూడా చెప్పాలి. దాని ఇన్‌పుట్లలో పిన్ కీపర్ అనే ఏర్పాటు ఉంది. బయట నుంచి ఎవరూ నడపకపోతే ఆఖరుసారి ఉన్న స్థితిని పిన్ అలాగే పట్టుకుని ఉంటుంది. ప్రధాన చిప్ రీసెట్‌లో తేలిపోయినా 22వీ10 ‘జనరేటర్ అడిగారు’ అనే అనుకుంటుంది. రైతు గారికి కావలసింది అదేననిపించవచ్చు, కానీ ఆ పట్టు బలహీనమైనది. కాంటాక్టర్ కాయిల్ విడిచినప్పుడు వచ్చే స్పైక్ దాన్ని ఇటూ అటూ తిప్పగలదు. నిలిపి ఉంచడమే కావాలనుకుంటే దాన్ని సమీకరణంలో లాచ్‌గా స్పష్టంగా రాయండి, `LINE_REQ`, `GEN_REQ` ఇన్‌పుట్లకు పది కిలోఓమ్‌ల పుల్‌డౌన్ పెట్టండి. వంద కిలోఓమ్‌లు కీపర్‌ను గెలుస్తాయన్న భరోసా లేదు.

కాకినాడ ఈసీఈ

లాచ్ పెడితే ప్రధాన చిప్ పూర్తిగా చచ్చిపోయినప్పుడు జనరేటర్ కాంటాక్టర్ ఎప్పటికీ పడే ఉంటుంది కదా. దాన్ని విడిపించడానికి మళ్లీ ఒక టైమర్ కావాలి. టైమర్ అన్నాక మైక్రోకంట్రోలర్ దగ్గరికే వచ్చాం.

గౌతమి గట్టు

ఆ మాట ఒప్పుకుంటాను. ఎంతసేపు నిలపాలన్నది నాకూ తేలలేదు. కెపాసిటర్, డయోడ్లతో చేసే పల్స్ పంపు ఒక దారి. ప్రధాన ప్రోగ్రాము పిన్‌ను ఆడిస్తున్నంత కాలమే లాచ్‌కు ప్రాణం ఉంటుంది, ఆడటం మానితే కెపాసిటర్ ఖాళీ అయ్యేదాకా, అంటే మీరు ఎంచుకున్న కొన్ని సెకన్ల దాకా నిలుస్తుంది. ఆ పిన్‌ను టైమర్ పీడబ్ల్యూఎంతో మాత్రం ఆడించకండి. ప్రోగ్రాము చిక్కుకుపోయినా పీడబ్ల్యూఎం తన దారిన తాను ఆడుతూనే ఉంటుంది, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

ఉండి వర్క్‌షాప్

రాత్రి బల్ల మీద పరీక్షించాను. `GEN_REQ` 1లో ఉండగా ప్రధాన చిప్ రీసెట్ పిన్‌ను గ్రౌండ్‌కు తాకించి పట్టుకుంటే, పుల్‌డౌన్ లేని బోర్డులో జనరేటర్ రిలే విడవనే లేదు, వేలు తీసేదాకా అలాగే ఉంది. పది కిలోఓమ్‌లు అతికించాక వెంటనే విడిచింది. వచ్చే బ్యాచ్‌కు 22వీ10, నేరుగా సోల్డర్, జీఎస్ఎంకు వేరే రెగ్యులేటర్. లాచ్ పెట్టాలా వద్దా అన్నది ఆకివీడు వారి గట్టు మీద రెండు బోర్డులు, ఒకటి లాచ్‌తో, ఒకటి లేకుండా పెట్టి చూసి చెబుతాను.

ఆకివీడు రైతు

లాచ్ ఉన్నదాన్ని పెద్ద చెరువుకు పెట్టండి.