లుక్‌అలైక్‌కు ఏ జాబితా ఇవ్వాలి? ఇంటరెస్ట్ కంటే అది ఎప్పుడు మెరుగు?

సిరాబుడ్డి:
మాది ఫౌంటెన్ పెన్ సిరాలు అమ్మే చిన్న ఆన్‌లైన్ బ్రాండ్. మా దగ్గరున్న 900 మంది జాబితాతో మెటాలో ఒక శాతం లుక్‌అలైక్, అంటే దేశంలో వారిని అందరికంటే ఎక్కువగా పోలిన ఒక శాతం మంది గుంపు, తయారుచేసి, దానిని ఫౌంటెన్ పెన్ ఇంటరెస్ట్‌కు, అంటే ఆ పెన్నులపై ఆసక్తి ఉన్నవారిగా మెటా గుర్తించిన గుంపుకు, పోటీగా నడుపుతున్నాను. లుక్‌అలైక్‌లో క్లిక్కులు చవకగానే వస్తున్నాయి గాని, ఆర్డర్లు మాత్రం ఇంటరెస్ట్ వైపే ఎక్కువగా ఉన్నాయి. కారణం ఏమై ఉంటుంది? రెండింటి మధ్య బడ్జెట్‌ను ఎలా పంచాలో కూడా చెప్పగలరు.

ప్రకటనలపిచ్చి:
పెద్ద పెద్ద ఖాతాలు నడిపిన అనుభవంతో చెబుతున్నాను. శాతం ఎంత తక్కువైతే పోలిక అంత దగ్గరగా ఉంటుంది కాబట్టి ఒక శాతాన్ని అస్సలు మార్చకండి. లోపమంతా మీ ప్రకటన బొమ్మలోనే ఉంటుంది.

కొత్తబేరం:
ఒకసారి కొన్నవారికే మళ్లీ మళ్లీ ప్రకటన చూపిస్తే విసుగు పుట్టదా? మా ఖాతాదారులు ఇద్దరు ముగ్గురు నేరుగా ఫిర్యాదు చేశారు.

లెక్కలమనిషి:
కొత్తబేరం గారూ, మీరు చెబుతున్నది రీటార్గెటింగ్. జాబితా ఎక్కించి లుక్‌అలైక్ చేసినప్పుడు ఆ జాబితాలోని వారిని మెటా తానే పక్కన పెట్టి, వారిని పోలిన కొత్తవారిని వెతుకుతుంది. సైటుకు వచ్చినవారిని గుర్తించే పిక్సెల్‌ను ఆధారంగా ఇచ్చినప్పుడు మాత్రం పాతవారు కూడా అందులో కలుస్తారు.
సిరాబుడ్డి గారూ, ఆ 900 మంది మీ దగ్గరకు ఎలా వచ్చారో ముందు చెప్పండి.

సిరాబుడ్డి:
సుమారు 500 మంది ఉచిత నమూనా సీసా కోసం వచ్చి, ఆ తరువాత ఏమీ కొనలేదు. మిగిలిన 400 మంది డబ్బు చెల్లించినవారు. వారిలో రెండోసారి కొన్నవారు 120 మంది దాకా ఉంటారు.

లెక్కలమనిషి:
అయితే మీ లుక్‌అలైక్ దాని పని అది సరిగ్గానే చేస్తోంది. జాబితాలో సగానికి పైగా ఉచితం కోసం వచ్చినవారే ఉన్నప్పుడు, అది వెతికి తెచ్చేది కూడా అటువంటివారినే. క్లిక్కులు చవకగా ఉండి ఆర్డర్లు రాకపోవడమే దానికి గుర్తు. మూల జాబితా చెడ్డదైతే, ఒక శాతం లుక్‌అలైక్ ఆ చెడుకు అతి దగ్గరి నకలు అవుతుంది.

ప్రకటనలపిచ్చి:
నా మాటను వెక్కిరించవలసిన అవసరం లేదు. రెండోసారి కొన్న 120 మందిని మాత్రమే ఇస్తే సరిపోతుంది, ఇందులో ఇంత చర్చ దేనికి?

లెక్కలమనిషి:
సరిపోదు. ఒకే దేశానికి చెందిన కనీసం 100 మంది మూల జాబితాలో ఉండాలి. మీరు ఎక్కించిన ఈమెయిళ్లు, ఫోన్ నంబర్లన్నీ ఖాతాలతో సరిపోలవు కనుక, 120లో కొన్ని జారిపోతే ఆ హద్దు కిందికే దిగుతారు. హద్దు దాటినా అంత చిన్న గుంపులో పోలికలు నిలకడగా దొరకవు. 1,000 నుంచి 5,000 వరకు ఉండాలన్నది మెటా ఇచ్చే సలహా. అందువల్ల నమూనావారిని పూర్తిగా తీసివేసి, డబ్బు చెల్లించిన 400 మందినీ ఉంచి, ఒక్కొక్కరు ఇంతవరకు మొత్తం ఎంత ఖర్చు చేశారో చూపే నిలువు వరుసను జాబితాకు జోడించండి. విలువ ఆధారంగా లుక్‌అలైక్ చేస్తే, ఎక్కువ కొన్నవారిని పోలినవారి వైపు అది మొగ్గుతుంది. అయినా 400 మందితో అది ఇంటరెస్ట్‌ను దాటుతుందని నేను హామీ ఇవ్వను, ఎందుకంటే మీ వస్తువుకు ఆ ఇంటరెస్ట్ అచ్చంగా సరిపోయింది.

ఎడమచేయి:
మాది దీనికి పూర్తిగా ఎదురు సంగతి. ఎడమచేతివాటం వారికి కత్తెరలు, నోటుపుస్తకాలు అమ్ముతాము. ఆ వాటాన్ని పట్టి ఇచ్చే ఇంటరెస్ట్ మాకు దొరకలేదు. చేతిపనులు, స్టేషనరీ అని పెడితే పదిమందిలో తొమ్మిదిమంది కుడిచేతివారే చూస్తారు. కొనుగోలుదారుల జాబితా వేలల్లోకి వచ్చాక లుక్‌అలైక్ మాకు ఇంటరెస్ట్‌ను దాటింది. అది ఎడమచేతివారిని ఎలా కనిపెడుతుందో, లేక మరేదైనా పోలికను పట్టుకుంటోందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ప్రకటనలపిచ్చి:
ఏ ఒక్క ఖాతా అనుభవమూ రుజువు కాదు.

లెక్కలమనిషి:
ఆ మాట మాత్రం నిజం. సిరాబుడ్డి గారూ, రెండింటినీ మామూలుగా పక్కపక్కన నడిపితే ఒకే మనిషికి రెండు ప్రకటనలూ కనిపించవచ్చు. ఒక్కొక్కరికి రెండింటిలో ఒకటే చూపే ఎ/బి టెస్ట్‌లో పెట్టి, సమానమైన బడ్జెట్ ఇచ్చి, పాత కొనుగోలుదారులను రెండు వైపులా మినహాయించి, ఒక కొత్త ఆర్డరుకు ఎంత ఖర్చయిందో మాత్రమే చూడండి. ఒక వైపు 8, మరో వైపు 11 ఆర్డర్లు వచ్చిన దశలో గెలుపు ప్రకటించకండి. ఆ తేడా కేవలం యాదృచ్ఛికం కావచ్చు.

ప్రకటనలపిచ్చి:
ఇంత శ్రమ దండగ. అమ్మకాల లక్ష్యంతో నడిపే ప్రకటనల్లో ఆర్డర్లు వస్తాయని తోస్తే మెటా మీ ఇంటరెస్ట్‌నూ దాటి పోతుంది, మీ లుక్‌అలైక్‌నూ దాటి పోతుంది. చివరికి రెండూ ఒకే గుంపు దగ్గరకు చేరుకుంటాయి.

లెక్కలమనిషి:
హద్దులు అంతగా చెరిగిపోతాయని తెలిసీ, ఒక శాతాన్ని అస్సలు మార్చవద్దని మొదట ఎందుకు పట్టుబట్టారు?

సిరాబుడ్డి:
నమూనావారిని తీసివేసి కొత్త జాబితా ఎక్కిస్తున్నాను. పరీక్ష తేలేవరకు, దానికి సమానంగా ఇచ్చింది పోగా మిగిలిన బడ్జెట్‌లో ఎక్కువ భాగం ఇంటరెస్ట్‌కే ఉంచాలా, లేక చెరిసగమా అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు.