ఆరు టాస్‌లు వరసగా పోయాయి, ఏడోది మనదేనా?

పాలకొల్లు కుర్రాడు:
మా ఊరి టోర్నమెంట్‌లో మా కెప్టెన్ వరసగా ఆరు టాస్‌లు ఓడిపోయాడు. ఆదివారం ఫైనల్. ఏడోది కూడా పోయే ఛాన్స్ నూటికి ఒకటి కూడా లేదని మావాళ్ళు టాస్ మీదే పందెం ఒప్పుకున్నారు. టాస్ గెలిస్తే మాకు 100 వస్తుంది, పోతే మేం 150 ఇవ్వాలి. నేనూ అందులో చెయ్యి వెయ్యాలా వద్దా?

భీమవరం బుల్లోడు:
వేసెయ్ తమ్ముడూ, ఆలోచించకు. ఇండియా జట్టునే చూడు. 2023 ప్రపంచ కప్ ఫైనల్ దగ్గర్నుంచి వన్డేల్లో ఒక్క టాస్ గెలవలేదు. చివరికి 2025 డిసెంబర్‌లో మన విశాఖలో గెలిచారా లేదా? ఎంత పోయినా ఎక్కడో ఒకచోట తిరగాల్సిందే. మీవాడికి ఇప్పటికే ఆరు పోయాయంటే టైం దగ్గరపడినట్టే.

తణుకు టీచరమ్మ:
ఎక్కడో ఒకచోట తిరుగుతుందన్న మాట నిజమే. కానీ పందెం కాసేవాడికి కావలసింది ఎప్పుడు తిరుగుతుందన్నది. ఆ విషయంలో ముందు పోయిన టాస్‌లు ఏమీ చెప్పవు.

మీరు ఎత్తిన ఇండియా టాస్‌లనే తీసుకుందాం. 2025 మార్చిలో చాంపియన్స్ ట్రోఫీ ఫైనల్ నాటికి వరసగా 15 పోయాయి. పదిహేను పోయాక “ఇక పదహారోది మనదే” అనుకోని అభిమాని ఉంటాడా? అక్టోబర్‌లో పెర్త్‌లో పదహారోదీ పోయింది. ఆ తర్వాత ఇంకో నాలుగు పోయాయి. విశాఖలో గెలిచింది ఇరవై ఒకటోది. ఒకాయన పదహారో టాస్ మీద 100 పెట్టి, పోయినప్పుడల్లా రెట్టింపు చేశాడనుకోండి. 100, 200, 400, 800, 1600 పెట్టి మొత్తం 3100 పోగొట్టుకున్నాక విశాఖలో 3200 తీసి పెట్టాలి. అది గెలిస్తే చివరికి మిగిలేది 100 రూపాయలు. అదీ పోయుంటే 6300 మునిగేవాడు. విశాఖకి ముందు రాయపూర్‌లోనూ, దానికి ముందు రాంచీలోనూ “ఈసారి తప్పదు” అన్న నమ్మకం ఇంతే గట్టిగా ఉంది కదండీ.

ఇక నూటికి ఒకటి లెక్క. ఏడు టాస్‌లూ పోయే అవకాశం 128లో 1 అన్నది కరెక్టే. కాకపోతే అది మొదటి టాస్ వెయ్యకముందు వేసుకోవలసిన లెక్క. రెండు గోదావరి జిల్లాల్లోనూ కలిపి 128 జట్లు ఆడుతున్నాయనుకుందాం. మొదటి టాస్ సుమారు 64 జట్లకి పోతుంది. వాటిలో 32 రెండోది కూడా పోగొట్టుకుంటాయి. అలా 16, 8, 4 అయ్యి, ఆరో టాస్ అయ్యేసరికి ఆరూ పోయిన జట్లు రెండు మిగులుతాయి. మీ ఊరు ఆ రెండిట్లో ఒకటి. ఆదివారం ఆ రెండు జట్లలో ఒకటి గెలుస్తుంది, ఒకటి ఓడుతుంది. మీవాళ్ళు భయం లేదంటున్న 128లో 127 వంతుల్లో 126 ఆట మధ్యలోనే తప్పుకున్న జట్లవి. వాటి అదృష్టం మీ లెక్కలోకి రాదు.

అంటే రెండుసార్లు కాస్తే ఒకసారి 100 వస్తుంది, ఒకసారి 150 పోతుంది. మీవాడికి నూటికి 60 సార్లు గెలిచే అవకాశం ఉంటే తప్ప ఈ పందెం సరికి సరి కూడా కాదు. అవతలివాళ్ళు మీ నమ్మకానికి రేటు కట్టి మరీ అమ్ముతున్నారు. నామాట విని వెయ్యొద్దు తమ్ముడూ.

రిటైర్డ్ లెక్కల మాస్టారు, అమలాపురం:
అమ్మా, జట్ల లెక్క బాగుంది. కానీ సంభావ్యత సగం అంటే దీర్ఘకాలంలో సగం బొమ్మలు, సగం బొరుసులు పడాలనే కదా అర్థం. ఇది పిల్లలకి నేను బోర్డు మీద చెప్పిన పాఠమే. ఇప్పుడు ఒకవైపు ఆరు ఎక్కువ పడ్డాయి. ముందు ముందు రెండోవైపు కొంచెమైనా ఎక్కువ పడకపోతే సగానికి ఎలా చేరుతుంది? ఏడో టాస్‌లోనే సర్దుకోవాలని నేను అనను. కానీ మొగ్గు అటు ఉండాలి.

తణుకు టీచరమ్మ:
మాస్టారూ, దీర్ఘకాలంలో సగానికి చేరుతుందన్నది ముమ్మాటికీ నిజం. ఆ చేరడానికి మొగ్గు అవసరం లేదని మాత్రం నా మనవి. పోయిన ఆరూ అలాగే ఉండనివ్వండి. ఇంకో 94 టాస్‌లు ఏ మొగ్గూ లేకుండా 47, 47 పడ్డాయనుకోండి. నూరు అయ్యేసరికి 53, 47. ఇంకా సాగించి వెయ్యి వేస్తే 503, 497. ఆరు తేడా ఎక్కడికీ పోలేదు, ఎవరూ తీర్చలేదు. అయినా 53 శాతం కాస్తా 50.3 శాతం అయింది. పాత ఆరింటికి కొత్తవి బదులు చెప్పలేదు, వాటిని పల్చన చేశాయంతే.

కాగితం మీద మాట కాదిది. రెండో ప్రపంచ యుద్ధంలో జాన్ కెరిచ్ అనే గణితవేత్త డెన్మార్క్‌లో నిర్బంధంలో చిక్కుకుని, ఆ ఖాళీలో ఒక నాణేన్ని 10,000 సార్లు ఎగరేసి రాసుకున్నాడు. మొదటి నూటిలో బొమ్మలు 44, అంటే సగానికి 6 తక్కువ. పదివేలు పూర్తయ్యేసరికి 5067, అంటే సగానికి 67 ఎక్కువ. శాతం చూస్తే 44 నుంచి 50.67కి వచ్చేసింది, సగానికి ఆనుకుని ఉంది. సంఖ్య చూస్తే తేడా 6 నుంచి 67కి పెరిగింది. మీరు బోర్డు మీద చెప్పిన పాఠం శాతానికి సంబంధించింది. పందెం కాసేవాళ్ళు దాన్ని సంఖ్యకి అంటగడుతున్నారు.

ఉండి రొయ్యల రైతు:
టీచరమ్మ గారూ, నా సంగతి కూడా కాస్త చూడండి. మాకు రెండెకరాల వనామీ చెరువు ఉంది. వరసగా రెండు పంటలు వైట్ స్పాట్‌తో పోయాయి. రెండోసారైతే మేత తినడం తగ్గిందని చెక్ ట్రే ఎత్తి చూసేసరికి గట్టు వెంట రొయ్యలు నీరసంగా తేలుతున్నాయి, తల మీద డొప్ప తీసి వెలుగులో పెడితే తెల్ల మచ్చలు. వారం తిరక్కుండా చెరువు ఖాళీ. “రెండుసార్లు పోయింది కాబట్టి మూడోది నిలబడుతుంది బావా” అని మా బావమరిది మళ్ళీ సీడ్ వేద్దామంటున్నాడు. మీరు చెప్పినదాని ప్రకారం పాతవాటితో సంబంధం లేదు కాబట్టి సగం సగం అనుకుని దిగొచ్చా?

తణుకు టీచరమ్మ:
వద్దండీ, నేను చెప్పింది మీ చెరువుకి వర్తించదు. నాణేనికి పాత టాస్‌తో సంబంధం ఎందుకు లేదంటే, ఒకసారి పడ్డాక మళ్ళీ ఎగరేసేలోపు దానిలో ఏమీ మిగలదు. ఆరు బొరుసులు పడ్డ నాణెం, ఆరు బొమ్మలు పడ్డ నాణెం పక్కపక్కన పెడితే ఏది ఏదో మీరు చెప్పలేరు. మీ చెరువు అలా కాదు కదా. వైరస్ సోకిన పీతలు గట్టు బొరియల్లో ఉండిపోతాయి, అడుగున తడి మిగిలితే చచ్చిన రొయ్యల అవశేషాలూ ఉంటాయి, నీళ్ళు అదే కాలవలోంచి వస్తాయి. పోయిన పంట వచ్చే పంటకి ఏదో ఒకటి వదిలిపెట్టి పోతుంది. కాబట్టి ఇక్కడ వరసగా రెండు పోయాయంటే మూడోదానికి సగం కంటే ఎక్కువ భయపడాలి. మీ బావమరిది లెక్క తిరగబడింది.

చెరువు పూర్తిగా ఎండగట్టి, బ్లీచింగ్ చేసి, పీతలు దూరకుండా చుట్టూ వల కట్టి, పీసీఆర్ టెస్ట్ చేయించిన సీడ్ వేస్తే అప్పుడు అవకాశం మారుతుంది. మారేది మీరు చేసిన పనివల్ల. రెండుసార్లు పోయిందన్న కారణంగా మాత్రం ఏదీ మారదు.

ఉండి రొయ్యల రైతు:
ఎండగట్టడం మా చేతిలో ఉందండీ. పక్క చెరువాయన ఎండగట్టడు, ఆయన నీళ్ళు మా గట్టులోంచి ఊరుతూనే ఉంటాయి. దానికి ఏం లెక్క వెయ్యాలో తెలియడం లేదు.

కాకినాడ మెకానిక్:
అందరూ నాణెం మంచిదనే అనుకుంటున్నారు. నేనైతే ముందు దాన్నే చేతిలోకి తీసుకుని చూస్తాను. ఆరుసార్లూ ఒకే నాణెమా? మీ కెప్టెన్ ఏం అడుగుతాడు?

పాలకొల్లు కుర్రాడు:
కమిటీ వాళ్ళ దగ్గర పాత ఐదు రూపాయల బిళ్ళ ఒకటుంది అన్నా, ప్రతిసారీ అదే. మావాడు ఎప్పుడూ బొమ్మే అడుగుతాడు. అంటే ఆరుసార్లూ బొరుసే పడింది. ఇప్పుడు బొమ్మ పడాలి కదా అనే మావాళ్ళ ధైర్యం.

తణుకు టీచరమ్మ:
మంచి ప్రశ్న వేశారు మెకానిక్ గారూ, దాంతో లెక్క ఇంకాస్త తేటపడుతుంది. నాణెం మంచిదైతే ఆదివారం సగం సగం. నాణెంలో ఏదైనా లోపం ఉంటే, ఆరు బొరుసులు చూశాక ఆ లోపం బొరుసు వైపే ఉండే అవకాశం ఎక్కువ. రెండు దారుల్లో ఏది తీసుకున్నా బొమ్మకి సగం కంటే ఎక్కువ రాదు. మీవాళ్ళు మొగ్గు ఉందంటున్న ఆ ఒక్క వైపుకే ఏ లెక్కా దారితీయదు. పందెం సంగతి వదిలేసి టాస్ గెలవడమే కావాలంటే మీ కెప్టెన్‌ని బొరుసు అడగమనండి. నష్టమైతే లేదు.

కాకినాడ మెకానిక్:
ఆరు చూసి నాణేన్ని అనుమానించడం కూడా తొందరపాటే మేడమ్. ఇందాక మీరే అన్నారు, 128 జట్లలో రెండిటికి ఊరికే అలా జరుగుతుందని. బిళ్ళ చూస్తే రెండు వైపులూ మామూలుగా ఉన్నాయంటే ఇక అనుమానం ఎందుకు?

తణుకు టీచరమ్మ:
తొందరపాటు కావచ్చు. ఎన్నిసార్లు పడితే అనుమానించాలన్నది మామూలుగా మోసపు నాణేలు ఎంత అరుదని మీరు నమ్ముతారో దాన్ని బట్టి ఉంటుంది. నేను పదిదాకా ఆగుతానేమో, మీరు ఇరవైదాకా ఆగొచ్చు.

నిజమైన నాణేల్లో తేలింది వేరే సంగతి. 2023లో ఒక పరిశోధక బృందం 3,50,757 సార్లు నాణేలు ఎగరేసి లెక్క కట్టింది. ఎగరేసేముందు పైకి ఉన్న వైపే మళ్ళీ పైకి పడడం నూటికి 50.8 సార్లు జరిగింది. బొమ్మకీ బొరుసుకీ మధ్య తేడా కనపడలేదు. అయితే అవి చేత్తో పట్టుకున్న టాస్‌లు. మీది పిచ్ మీద పడి ఎగిరి దొర్లుతుంది కాబట్టి ఆ కాస్త మొగ్గు కూడా చెరిగిపోవచ్చు.

రిటైర్డ్ లెక్కల మాస్టారు, అమలాపురం:
పల్చనయ్యే మాట ఆలోచించదగ్గదే అమ్మా. అయినా ఆరు బొరుసుల తర్వాత ఏడోది కూడా సగమే అంటే నా మనసు ఒప్పుకోవడం లేదు. కళ్ళతో చూడాలి.

తణుకు టీచరమ్మ:
చూడొచ్చు మాస్టారూ. ఆరు దాకా ఆగితే రోజంతా పడుతుంది, మూడుతో చూడండి. నాణెం ఎగరేస్తూ వరసగా రాసుకోండి. మూడు బొరుసులు వరసగా వచ్చిన ప్రతిచోటా దాని వెంటనే పడ్డదాన్ని మాత్రం ఇంకో కాగితం మీద వేరుగా దించండి. నాలుగోది కూడా బొరుసైతే దాని తర్వాతదాన్నీ దించాలి, ఎందుకంటే అక్కడా ముందు మూడు బొరుసులే ఉన్నాయి. సుమారు ఎనిమిది టాస్‌లకి ఒకటి చొప్పున రెండో కాగితం మీదకి చేరుతుంది, కాబట్టి ఎనిమిది వందలు వేస్తే అక్కడ వందకి అటూ ఇటూ ఉంటాయి. మొగ్గు నిజమైతే ఆ కాగితం నిండా బొమ్మలు కనపడాలి. నలభై నుంచి అరవై మధ్య పడితే మొగ్గు ఉందనడానికి ఆధారం లేనట్టే. రెండో కాగితం మొత్తం ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.

భీమవరం బుల్లోడు:
మాస్టారూ, సగం నేను వేసి పంపిస్తానండాయ్. తమ్ముడూ, ఫైనల్లో మీవాడు ఏం అడిగాడో, ఏం పడిందో అదీ రాయి.

తణుకు టీచరమ్మ:
రాయండి, కానీ ఆ ఒక్క టాస్‌తో ఎవరి మాట నెగ్గిందో తేల్చొద్దు. బొమ్మ పడినా బొరుసు పడినా 150కి 100 పందెం తప్పుడు పందెమే.