చిన్న స్పర్ గేరు: పౌడర్ ప్రెస్‌కు మారాలా, హాబింగే ఉంచాలా?

డిజైన్‌బల్ల: 1 మాడ్యూల్, 24 పళ్లు, 8 మి.మీ. వెడల్పు, 8 మి.మీ. బోరు ఉన్న స్టీల్ స్పర్ గేరు ఏడాదికి 20,000 కావాలి. ఇప్పుడు 28 మి.మీ. బార్ నుంచి టర్నింగ్, హాబింగ్ చేయిస్తున్నాం. లోడు తక్కువే, కుదుపులు లేవు. ఇనుప పొడిని డైలో నొక్కి ఫర్నేస్‌లో కాల్చే సింటర్డ్ గేరుకు మారితే మంచిదేనా?

హాబ్‌మేస్త్రి: మారకండి. సింటర్డ్ గేరు లోపలంతా రంధ్రాలే, పన్ను మొదట్లోనే విరుగుతుంది. పైగా పళ్లు 24 నుంచి 25 చేయాల్సి వస్తే డై మొత్తం కొత్తది కొనాలి. మాకైతే అదే మాడ్యూల్ హాబ్‌తో ఎన్ని పళ్లైనా కోయొచ్చు.

ప్రెస్‌షాప్: డై గురించి మేస్త్రి గారన్నది నిజం. డ్రాయింగ్ ఇంకా మారుతూ ఉంటే ప్రెస్ జోలికే పోవద్దు. రంధ్రాల మాట మాత్రం సగమే నిజం.

ఈ గేరు అడ్డుకోత సుమారు 400 చ.మి.మీ. చదరపు మిల్లీమీటరుకు 600 న్యూటన్లు పెడితే 24 టన్నుల బలం చాలు, చిన్న ప్రెస్సే సరిపోతుంది. ఇనుప పొడిలో 2% రాగి, 0.8% దాకా గ్రాఫైట్, 0.75% వ్యాక్స్ కలుపుతారు. పొడి వదులుగా ఉంటుంది కాబట్టి 8 మి.మీ. ముక్కకు డైలో 18 మి.మీ.కు పైగా నింపాలి. నొక్కాక సీసీకి 6.9 గ్రాములు వస్తుంది, ముక్క 22 గ్రాములు. తర్వాత ఫర్నేస్‌లో 1120 డిగ్రీల దగ్గర 20 నుంచి 30 నిమిషాలు సింటర్ చేస్తారు. అప్పుడు మిగిలే రంధ్రాలు 12% దాకా ఉంటాయి. కుదుపు లేని తక్కువ లోడుకు అది చాలు. ఆగి ఆగి దెబ్బలు తినే గేరైతే మేస్త్రి గారి వైపే నేనూ.

మెటీరియల్ లెక్క చూడండి. విడగొట్టే కోతతో కలిపి ఒక్కో ముక్కకు 11 మి.మీ. బార్ పోతుంది, అంటే 53 గ్రాములు. అందులో గేరుగా మిగిలేది 25. సగానికి పైగా చిప్స్‌లోకే. డై సెట్ ఖరీదు 8,000 హాబింగ్ గేర్ల ఖరీదంత ఉండి, ప్రెస్ గేరు సగం ధరకు వస్తే 16,000 ముక్కల దగ్గర లెక్క సమానమవుతుంది. మీ మొదటి ఏడాదిలోనే దాటేస్తారు. ఈ రెండు సంఖ్యలూ నేను అనుకున్నవి, మీ కొటేషన్లవి పెట్టి చూసుకోండి.

చక్రం22: సింటర్డ్ అంటే నూనె పీల్చుకునే బుష్షులే కదండీ? అయితే ఈ గేరుకు గ్రీజు అక్కర్లేదన్నమాట!

ప్రెస్‌షాప్: కాదండీ. ఆ బుష్షుల్లో కావాలనే చాలా ఎక్కువ ఖాళీ ఉంచుతారు. ఇక్కడ బలం కోసం ఆ ఖాళీని వీలైనంత తగ్గించాం. గ్రీజు మామూలుగానే పెట్టాలి.

చక్రం22: సరే. మా గేరు హబ్‌లో గ్రబ్ స్క్రూకు అడ్డంగా రంధ్రం ఉంది. అదీ డైలోనే వస్తుందా?

ప్రెస్‌షాప్: రాదు. ముక్క డైలోంచి నిటారుగా బయటికి రావాలి కాబట్టి అడ్డ రంధ్రమూ, అడ్డ గాడీ కుదరవు. సింటర్ అయ్యాక డ్రిల్ చేయొచ్చు, కానీ డ్రిల్ అంచు లోపలి సన్న రంధ్రాల మీద తగిలి తగిలి పోతుంటుంది గనుక త్వరగా అరుగుతుంది. నీళ్ల కూలెంట్ వాడితే లోపలికి పీల్చుకుని, వారం తర్వాత బయట తుప్పుగా కనిపిస్తుంది. పొడిగానే డ్రిల్ చేయించండి. అంతకన్నా మేలు, బోరునే డి ఆకారంలో నొక్కించుకుంటే స్క్రూ పనే ఉండదు, అదనపు ఖర్చూ ఉండదు. డ్రిల్లూ ట్యాపూ తప్పనిసరైతే ప్రెస్‌తో మిగిలిన డబ్బులో చాలా భాగం అక్కడే పోతుంది.

హాబ్‌మేస్త్రి: మరి పంటి మొదట్లో చీలికలు? ఫర్నేస్‌లో వేడి ఎక్కువైతే వస్తాయి, నేను చూశాను.

ప్రెస్‌షాప్: చూసింది ఫర్నేస్ తర్వాతే అయినా, పుట్టింది ఎక్కువగా డైలోనే. ముక్కను బయటికి నెట్టేటప్పుడు ఒత్తిడి ఒక్కసారిగా వదిలితే పంటి మొదట్లో సన్నగా చీలుతుంది. పై పంచ్ కొద్దిపాటి బలంతో ముక్కను నొక్కి పట్టే ఉండాలి, డై పైఅంచు కాస్త విచ్చుకుని ఉండాలి. అనుమానం ఉంటే ఆ పన్ను విరగ్గొట్టి చూడండి. అప్పుడే విరిగిన చోటు మెరుస్తుంది, ముందునుంచీ ఉన్న చీలిక మొహం మసకగా ఉంటుంది.

డిజైన్‌బల్ల: పంటి మొహం అరగకుండా కార్బురైజింగ్ చేయించొచ్చా?

హాబ్‌మేస్త్రి: బార్ స్టీల్‌కు నిక్షేపంగా. పైపొర గట్టిగా, లోపల సాగేలా ఉంటుంది.

ప్రెస్‌షాప్: సీసీకి 6.9 గ్రాముల దగ్గర రంధ్రాలు ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. గ్యాస్ లోపలిదాకా పోయి, పన్ను మొత్తం గట్టిపడి పెళుసవుతుంది. ఇండక్షన్‌తో పళ్ల వరకే గట్టిపరచడం నయం. పళ్లను రోలింగ్ చేసి పైపొరలో రంధ్రాలు మూసే పద్ధతీ ఉంది.

హాబ్‌మేస్త్రి: రోలింగ్, ఇండక్షన్ అన్నీ కలిపాక ఇంకా సగం ధరేనా? నాకు నమ్మకం లేదు.

ప్రెస్‌షాప్: రోలింగ్ కలిపితే 20,000కు నాకూ లేదు. ఇండక్షన్ ఒక్కటే అయితే చూడొచ్చు. డిజైన్‌బల్ల గారూ, పంటి మీద పడే టార్క్ ఎంతో చెప్పండి.