కూర్చునే పనికీ నిలబడే పనికీ మధ్య కేలరీల తేడాను ఇంట్లో లెక్కించడం ఎలా?

రెండేళ్ల క్రితం నేనూ మా తమ్ముడూ ఒకే ఎత్తు, ఒకే బరువు, 72 కిలోలు. తినేదీ ఒకే వంట. రోజూ ముప్పావు గంట నడిచి, ఆపై తొమ్మిది గంటలు కంప్యూటర్ ముందు కూర్చునే నేను 77కు చేరాను. వ్యాయామమే ఎరుగని వాడు, కిరాణా కొట్టులో పప్పు తూస్తూ, పై అర డబ్బాలు దించుతూ, అక్కడే ఆగాడు.

1999లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకుడు జేమ్స్ లెవిన్ బృందం 16 మందికి ఎనిమిది వారాలపాటు రోజుకు వెయ్యి కేలరీలు అదనంగా పెడితే, ఒకరికి అర కిలో కొవ్వైనా చేరలేదు, మరొకరికి నాలుగు కిలోలు దాటింది. ఆ తేడాకు ప్రధాన కారణం ఇలాంటి చిల్లర కదలికలేనని తేలింది.

నా చేతి గడియారం అడుగులనే లెక్కిస్తుంది, నిలబడటాన్నీ వంగడాన్నీ కాదు. తిండిని తూచి, ఉదయపు బరువుతో రెండు వారాలు పోల్చితే సరిపోతుందా, లేక ఒంట్లో నీటి హెచ్చుతగ్గులు లెక్కను తప్పిస్తాయా? చేసి చూసినవారు దయచేసి చెప్పగలరు.