మొదటి మెసేజ్‌లోనే షిఫ్టుల సంగతి అడగాలా, వద్దా?

వెంకటగిరి ట్రిపుల్‌ఈ:
డిప్లొమా ట్రిపుల్‌ఈ, 2024లో పాసయ్యాను. ఊరు వెంకటగిరి. శ్రీసిటీలో ఒక కంపెనీకి మెయింటెనెన్స్ టెక్నీషియన్లు కావాలని రిక్రూటర్ వాట్సాప్ నంబరు వచ్చింది. షిఫ్టుల గురించి ప్రకటనలో ఏమీ లేదు. ముందే అడిగితే పనికి వెనకాడుతున్నాడు అనుకుంటారా? అడక్కుండా చేరితే ఇరుక్కుంటానా? నేను రాసుకున్న మెసేజ్: "సార్, టెక్నీషియన్ పోస్టు ఖాళీ ఉందని తెలిసింది. రెజ్యూమే పంపాను, చూడండి. నైట్ షిఫ్ట్ ఉంటుందా? జీతం ఎంత?"

నియామకాల డెస్క్:
అడుగు తమ్ముడూ, కానీ ఈ మాటలతో కాదు. "నైట్ షిఫ్ట్ ఉంటుందా" అంటే చదివేవాళ్లకి "లేకపోతే బాగుండు" అన్నట్టు వినిపిస్తుంది. పైగా మెయింటెనెన్స్‌కి ఆ ప్రశ్నే అక్కర్లేదు. లైన్ రాత్రి నడుస్తుంటే బ్రేక్‌డౌన్‌కి రాత్రి మనిషి ఉండాల్సిందే.

ఇంకో లోపం, నీ మెసేజ్‌లో నువ్వు లేవు. ఇలాంటివి ఫోన్‌లోనే, వేలితో పైకి తోసేస్తూ చూస్తారు. బ్రాంచ్, పాసైన ఏడాది, బ్యాక్‌లాగ్స్, ఎప్పుడు చేరగలవు అన్నవి మెసేజ్‌లోనే కనబడాలి. లేకపోతే చాలామంది రెజ్యూమే తెరవరు. ఇలా రాసి చూడు:

"నమస్తే సార్. మెయింటెనెన్స్ టెక్నీషియన్ పోస్టుకు రాస్తున్నాను. డిప్లొమా ట్రిపుల్‌ఈ, 2024, ఇంత శాతం, బ్యాక్‌లాగ్స్ లేవు, కన్సాలిడేటెడ్ మెమో చేతిలో ఉంది. ఇండస్ట్రియల్ ట్రైనింగ్‌లో స్టార్ డెల్టా ప్యానెల్ వైరింగ్, మోటార్లకు మెగ్గర్ టెస్ట్ చేశాను. మూడు షిఫ్టులకూ సిద్ధం. పదిహేను రోజుల్లో చేరగలను, సూళ్లూరుపేటలో రూమ్ తీసుకుంటాను. షిఫ్టు ఎన్ని గంటలు, ఎన్ని రోజులకు మారుతుంది? సూళ్లూరుపేట నుంచి షిఫ్ట్ బస్సు ఉందా?"

ప్రశ్న అదే. కానీ ఇక్కడ అడిగేవాడు రావడానికి లెక్కలు వేసుకుంటున్నాడని తెలుస్తుంది. జీతం సంగతి ఫోన్ వచ్చాక అడుగు.

ట్రైనింగ్ వాక్యంలో నువ్వు చేసినవే రాయి. స్టార్ డెల్టా అని రాస్తే టెక్నికల్ రౌండ్‌లో కాగితం ఇచ్చి గీయమంటారు. మెయిన్, స్టార్, డెల్టా అని మూడు కాంటాక్టర్లు గీసేసి చాలామంది ఆగిపోతారు. స్టార్, డెల్టా రెండూ ఒకేసారి పడితే ఫేజ్‌లు నేరుగా షార్ట్ అవుతాయి. అందుకే ఒకదాని ఎన్‌సీ కాంటాక్ట్ రెండోదాని కాయిల్ దారిలో పెడతాం. వాళ్లు చూసేది ఆ ఇంటర్‌లాక్ గీశావా లేదా అన్నదే.

ప్లేస్‌మెంట్ మాస్టారు:
డెస్క్ గారి మెసేజ్ బాగుంది. కానీ చివరి రెండు ప్రశ్నలు మొదటి మెసేజ్‌లో వద్దంటాను. ఆ నంబరు ఫ్యాక్టరీ హెచ్ఆర్‌ది కాకుండా కన్సల్టెన్సీ వాళ్లది కావచ్చు. వాళ్ల చేతిలో ఉండేది బ్రాంచ్, ఏడాది, మార్కులతో ఒక లిస్టు. షిఫ్టు ఎన్ని రోజులకు మారుతుందో వాళ్లకే తెలియదు. జవాబు చెప్పలేని ప్రశ్న ఉన్న మెసేజ్‌ని పక్కన పెట్టి పక్కవాడికి ఫోన్ చేస్తారు. ముందు లిస్టులో పేరు ఎక్కనివ్వు అబ్బాయ్, ఫోన్ వచ్చినప్పుడు అడుగు.

నియామకాల డెస్క్:
మాస్టారూ, కన్సల్టెన్సీ అయితే అది ముందే తెలియడం ఇంకా మంచిది కదా? కంపెనీ రోల్‌లో తీసుకుంటున్నారా, కాంట్రాక్టర్ రోల్‌లోనా అన్నది అప్పుడే బయటపడుతుంది. వెంకటగిరి నుంచి ఒక పూట పోగొట్టుకుని గేటు దాకా వెళ్లి, తిరిగి రావాల్సిన పని తప్పుతుంది. రిజిస్ట్రేషన్‌కనో, యూనిఫాంకనో, గేట్‌పాస్‌కనో డబ్బు అడిగారంటే మాత్రం అక్కడితో ఆపేయాలి.

కార్మిక పక్షం:
అసలు అడగాల్సింది వేరే. 12 గంటల షిఫ్టు అయితే చేరొద్దు. చట్ట ప్రకారం 8 గంటలే, 12 గంటల షిఫ్టు పెట్టడమే నేరం. ఆ మాట రిక్రూటర్‌కి మొహం మీదే చెప్పాలి.

సి షిఫ్ట్ వైర్‌మన్:
సగం నిజం అన్నా. వారానికి 48 గంటలు అన్నది గట్టి గీత. రోజువారీ పరిమితీ ఉంది, కానీ దాన్ని రాష్ట్రాలు సడలిస్తూ వచ్చాయి. అందుకే 12 అన్న అంకె ఒక్కటే చూసి నేరం అనలేం. 12 గంటల చొప్పున నాలుగు రోజులే అయితే వారానికి 48 దాటదు. ఆరు రోజులైతే 72, అంటే 24 గంటల ఓవర్‌టైమ్. దానికి రెండింతల రేటు ఇవ్వాలి, అంత ఓటీని వారం వారం సాగదీయడానికి కూడా పరిమితి ఉంది.

అసలు తేడా వచ్చేది రెండింతలు దేని మీద లెక్కేస్తారన్న దగ్గర. జీతం 18,000, అందులో బేసిక్ 10,000 అనుకుందాం. నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటలు, మొత్తం 208 గంటలు. పూర్తి జీతం మీద గంటకు దాదాపు 86.50, రెండింతలు 173. బేసిక్ మీద గంటకు 48, రెండింతలు 96. నాలుగు గంటల ఓటీకి మొదటి లెక్కలో 692 రూపాయలు, రెండో లెక్కలో 385. డబుల్ ఇస్తున్నాం అని రెండుచోట్లా చెబుతారు. 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది బేసిక్‌తో పాటు అలవెన్సులు కలిపి లెక్కేయమని. ఏ అలవెన్సు కలుస్తుంది, ఏది కలవదు అన్న దాని మీద మాత్రం గొడవలు నడుస్తూనే ఉంటాయి.

కాబట్టి ఆఫర్ లెటర్ వచ్చాక, సంతకానికి ముందు అడగాల్సిన మాట: "ఓటీ బేసిక్ మీదా, గ్రాస్ మీదా సార్?" ఇది మొదటి మెసేజ్‌లో పెట్టే ప్రశ్న కాదు.

కార్మిక పక్షం:
వారం మొత్తం చూడాలన్నది ఒప్పుకుంటాను. కానీ వారానికి నాలుగు రోజుల 12 గంటల షిఫ్టు ఇక్కడ ఎంతమంది పెడుతున్నారు? కాగితం మీద 48, గేటు రిజిస్టర్‌లో 72. కుర్రాడికి ఆ తేడా ముందే తెలియాలి.

స్వర్ణముఖి:
నాది ఈసీఈ డిప్లొమా, ఎలక్ట్రానిక్స్ అసెంబ్లీ లైన్‌కి రాయబోతున్నాను. అమ్మాయిలకి నైట్ షిఫ్ట్ ఉండదని మా ఇంట్లో అంటున్నారు. అలాగైతే నేను షిఫ్టుల గురించి ఏమీ రాయనక్కర్లేదా?

నియామకాల డెస్క్:
అలా అనుకోవద్దమ్మా. ఒకప్పుడు రాత్రి పని మీద నిషేధం ఉండేది. ఇప్పుడు మీ సమ్మతి ఉంటే, రవాణా, భద్రత ఏర్పాట్లు చేస్తే రాత్రి షిఫ్ట్ వేయొచ్చు. సమ్మతి మీదే కాబట్టి "రెండు షిఫ్టులకు సిద్ధం" అని గానీ, "బస్సు ఇంటి దగ్గరి స్టాపు దాకా ఉంటే మూడింటికీ సిద్ధం" అని గానీ స్పష్టంగా రాయండి. బి షిఫ్ట్ రాత్రి పదికి వదిలితే హాస్టల్ దగ్గర దిగేసరికి ఎంతవుతుందో అడగడం మర్చిపోకండి. రాత్రి అనగానే అందరూ తెల్లార్లూ నడిచే సి షిఫ్ట్ గురించే ఆలోచిస్తారు.

సి షిఫ్ట్ వైర్‌మన్:
వెంకటగిరి తమ్ముడికి ఇంకో మాట. షిఫ్టులు ఎన్ని రోజులకు మారతాయి అన్నది ఎందుకు అడగాలో చెబుతా. మామూలుగా ఏ షిఫ్ట్ ఆరు నుంచి రెండు, బి రెండు నుంచి పది, సి పది నుంచి ఆరు. వారం వారం మారుతూ సి తర్వాత ఏ వచ్చిందనుకో. ఆదివారం పొద్దున ఆరుకి సి నుంచి బయటికొస్తావు, సోమవారం పొద్దున ఆరుకి మళ్లీ లోపల ఉండాలి. నైట్ షిఫ్ట్ వాళ్లకి సెలవంటే షిఫ్ట్ అయిన దగ్గర్నుంచి 24 గంటలు, కాబట్టి లెక్క ప్రకారం వీక్లీ ఆఫ్ ఇచ్చినట్టే. ఆ రోజంతా నిద్రకే సరిపోతుంది, సోమవారం బస్సు కోసం ఐదు లోపే లేవాలి. ఊరికి వెళ్లడం ఆ వారం కుదరదు. అదే ఏ తర్వాత బి, బి తర్వాత సి వస్తే ఆ రెండు మార్పుల్లో మధ్యలో ఎక్కువ గంటలు దొరుకుతాయి. ఇంటికెళ్లే ఆదివారం ముందే ఆ రెంటిలో చూసి పెట్టుకోవచ్చు.

రోజూ వెంకటగిరి నుంచి తిరుగుతానని మాత్రం రాయకు. వాళ్లు నమ్మరు, నువ్వు నిలబెట్టుకోలేవు.

వెంకటగిరి ట్రిపుల్‌ఈ:
డెస్క్ అన్న రాసిచ్చినట్టే నా వివరాలతో పంపాను. గంటలో ఫోన్ వచ్చింది. మూడు షిఫ్టులు, 8 గంటలు, వారానికోసారి మారతాయి, బస్సు సూళ్లూరుపేట బస్టాండు నుంచి. కానీ మొదటి ఏడాది అప్రెంటిస్‌గా అన్నారు. ఒప్పుకోవచ్చా? ఇంకోటి, వచ్చే ఏడాది ఈసెట్ రాద్దామని ఉంది. ఇంటర్వ్యూలో చెప్పాలా?

నియామకాల డెస్క్:
అప్రెంటిస్ అంటే ఏ పథకం కింద అని అడుగు. డిప్లొమా వాళ్లకి మామూలుగా కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పథకం నాట్స్, పోర్టల్ `nats.education.gov.in`. కాంట్రాక్ట్ అందులో కనబడితేనే ఏడాది చివర సర్టిఫికెట్ వస్తుంది. ఏ ప్రభుత్వ పోర్టల్‌లోనూ లేని "అప్రెంటిస్" అంటే జీతం తగ్గించడానికి పెట్టిన పేరే. 2019 నిబంధనల్లో టెక్నీషియన్ అప్రెంటిస్‌కి నెలకు కనీసం 8,000 అని పెట్టారు, కంపెనీలు అంతకన్నా ఎక్కువ ఇవ్వొచ్చు. పీఎఫ్, ఈఎస్ఐ ఉండవు. ఏడాది అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న కట్టుబాటు కంపెనీకి లేదు. పోయినసారి అప్రెంటిస్‌లలో ఎంతమందిని రోల్‌లోకి తీసుకున్నారో అడిగి, జవాబు అంకెల్లో వస్తేనే నమ్ము. అప్రెంటిస్ చేత ఓటీ చేయించాలంటే అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ అనుమతి కావాలి. కాబట్టి ఓటీతో కలిపి ఇంత వస్తుంది అని స్టైపెండ్ పెంచి చెబితే ఆగి ఆలోచించు.

ప్లేస్‌మెంట్ మాస్టారు:
ఈసెట్ సంగతి చెప్పు. ఏడాది అప్రెంటిస్‌షిప్‌కి, ఏడాది తర్వాత చదువుకి గొడవేం లేదు. దాచిపెట్టి మధ్యలో వెళ్లిపోతే తర్వాత మా కాలేజీ పిల్లల్నే పిలవడం మానేస్తారు. ఇలా ఆగిపోయిన కంపెనీలు ఉన్నాయి.

సి షిఫ్ట్ వైర్‌మన్:
నేనైతే చెప్పొద్దంటాను మాస్టారూ. ఈసెట్ ఇంకా రాయలేదు, సీటు రాలేదు. రానిదాని గురించి ముందే చెబితే పోయేది చేతిలో ఉన్న పోస్టు. ఏడాది కాంట్రాక్ట్ పూర్తిచేసి వెళ్తే ఎవరికీ బాకీ ఉండడు.

ప్లేస్‌మెంట్ మాస్టారు:
పూర్తిచేస్తే సరే. కానీ కౌన్సెలింగ్ తేదీ కాంట్రాక్ట్ ముగియకముందే వస్తే? అబ్బాయ్, సంతకం పెట్టేముందు కాంట్రాక్ట్ ముగిసే తేదీ ఏంటో చూసుకో. అది చూశాక మళ్లీ మాట్లాడదాం.