ఫోన్ స్టాండు ఒక్కోటి మనకు ఎంతకు పడుతోంది? విఫలమైన ప్రింట్లను లెక్కలో ఎలా కలపాలి?

మేడమీద గది: ఇంట్లో ఒక 3డీ ప్రింటరుతో పీఎల్ఏ ప్లాస్టిక్ ఫోన్ స్టాండ్లు చేసి అమ్ముతున్నాను. స్లైసర్ ఒక్కోదానికి 45 గ్రాములు, 3 గంటలు చూపిస్తోంది. కిలో స్పూల్ 1,000 రూపాయలు. గత స్పూల్‌లో 25 సార్లు మొదలుపెడితే 5 చెడిపోయాయి. ఒక్కో స్టాండు 45 రూపాయలకు పడుతోందని అనుకోవడం సరైనదేనా?

వోల్టు లెక్క: సరికాదండీ. 5 చెడిపోయాయంటే 20 శాతం నష్టం కనుక 45కు 20 శాతం కలిపి 54 వేసుకోండి. కరెంటు వేరు. నా ప్రింటరు మీద 350 వాట్లని రాసి ఉంది. ఆ ప్రకారం 3 గంటలకు ఒక యూనిట్ దాటుతుంది, అంటే యూనిట్‌కు 8 రూపాయల చొప్పున మరో ఎనిమిదిన్నర.

పాత నాజిల్: పై లెక్కలో రెండు చోట్ల తేడా ఉంది. చెడిన ప్రతి ప్రింటూ చివరిదాకా వెళ్లి చెడిందనుకుంటే, ఆ 5 భారాన్ని మోయాల్సినవి మంచివైన 20 మాత్రమే కనుక, కలపాల్సింది 25 శాతం. అయితే మొదటి పొరలోనే బెడ్‌కు అంటుకోక ఊడిపోయినది మూడు గ్రాములు కూడా తినదు. రెండో గంటలో ఊడిపోయి నూడుల్స్ ఉండలా మారినది ముప్పై గ్రాములు మింగేస్తుంది. అందువల్ల ఎన్ని చెడ్డాయన్నది కాదు, ఎంత బరువు చెడిందన్నది చూడాలి. చెత్తడబ్బాను వంటింటి తూకం మీద పెడితే తెలిసిపోతుంది. అంతకంటే సులువుగా, స్పూల్ ధరను దాని నుంచి వచ్చిన మంచి స్టాండ్ల సంఖ్యతో భాగించండి: 1,000ని 20తో భాగిస్తే 50 రూపాయలు. స్పూల్ చివర పనికిరాకుండా మిగిలే ముక్క కూడా ఇందులోనే కలిసిపోతుంది.

ఇక 350 వాట్లన్నది గరిష్ఠ సామర్థ్యం. బెడ్ వేడెక్కే కొన్ని నిమిషాలు మాత్రమే వాడకం ఆ స్థాయికి దగ్గరగా వెళుతుంది. 60 డిగ్రీల బెడ్‌తో పీఎల్ఏ వేసేటప్పుడు నా ప్లగ్ మీటరులో సగటున 100 వాట్ల దగ్గరే కనిపిస్తుంది. చెడినవాటి గంటలు కలుపుకున్నా ఒక్కో మంచి స్టాండుకు మూడు రూపాయలు దాటదు.

కారు ప్రయాణం: నేను పీఎల్ఏ స్టాండును కారు డ్యాష్‌బోర్డు మీద పెడితే మే నెలలో ఒక్క మధ్యాహ్నానికే వంగిపోయింది. పీఈటీజీ వాడితే ఈ గొడవే ఉండదు కదా?

మేడమీద గది: నావి బల్ల మీద పెట్టుకునేవండీ. అయినా ఇద్దరు ఇలాగే కారులో పెట్టి వెనక్కి పంపారు, కొత్తవి ఇచ్చాను. వాటిని కూడా విఫలమైనవిగానే లెక్కించాలా?

పాత నాజిల్: నేనైతే మంచివాటి సంఖ్యలోంచి తీసేస్తాను. అప్పుడు 18 మిగులుతాయి, ఫిలమెంట్ ఖర్చే ఒక్కోదానికి 55 దాటుతుంది.

వోల్టు లెక్క: వాట్ల సంగతి ఒప్పుకుంటున్నాను. వెనక్కి వచ్చినవి మాత్రం ప్రింటు ఖర్చు కాదు, అమ్మకపు ఖర్చు. రెండూ కలిపేస్తే మిషన్ బాగా పనిచేస్తోందో లేదో మీకే తెలియకుండా పోతుంది.